నంబరు ఒకటే, చొక్కాలు మూడు

ఒకే కంపెనీ చొక్కాలు మూడు తీసుకోండి. మూడింటి కాలర్ లోపలా 40 అనే రాసి ఉంటుంది. పక్కనే చిన్న అక్షరాల్లో ఒకదానిమీద స్లిమ్ అని, ఇంకోదానిమీద రెగ్యులర్ అని, మూడోదానిమీద రిలాక్స్‌డ్ అని ఉంటుంది. గుండీలన్నీ పెట్టి బల్లమీద పరిచి, చంక కుట్టుకు ఒక అంగుళం కిందగా ఈ చివర నుంచి ఆ చివరకు టేపు పెట్టండి. స్లిమ్‌లో దాదాపు 21న్నర అంగుళాలు వస్తుంది. రెగ్యులర్‌లో 23, రిలాక్స్‌డ్‌లో 24న్నర. ముందూ వెనకా కలిపి రెట్టిస్తే 43, 46, 49. కంపెనీని బట్టి అంగుళం అటూ ఇటూ అవుతుంది గానీ వరస మాత్రం ఇదే. ఇందులో ఏ చొక్కా చుట్టుకొలతా 40 కాదు.

మరి ఆ 40 ఎవరిది? అది చొక్కాది కాదు, మనిషిది. ఛాతీ 40 అంగుళాలు, అంటే 102 సెంటీమీటర్లు ఉన్నవాళ్ల కోసం కుట్టినదని దాని అర్థం. చాలా లేబుళ్ల మీద ఈ 102 కూడా కనిపిస్తుంది. ఒంటి కొలత మీద ఎంత గుడ్డ అదనంగా ఇవ్వాలి, ఆ అదనాన్ని ఎక్కడ ఉంచాలి అన్నది నంబరు చెప్పదు. దాన్ని చెప్పేది ఫిట్. టైలర్ టేపు మెడలో వేసుకుని "లూజు ఎంత పెట్టమంటారు?" అని అడుగుతాడే, ఆ ప్రశ్నకు రెడీమేడ్ కంపెనీ ముందే రాసిపెట్టుకున్న జవాబులే ఈ మూడు మాటలు.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. ఫార్మల్ చొక్కాల్లో 38, 39, 40, 42 అని కనిపించే నంబరు చాలాచోట్ల కాలర్ కొలత, అదీ సెంటీమీటర్లలో. 39 నంబరు చొక్కా అంటే కాలర్ 39 సెంటీమీటర్లు, సుమారు 15 అంగుళాల పైచిలుకు. ఛాతీ నంబరూ కాలర్ నంబరూ దగ్గర దగ్గర అంకెలే కావడంతో రెండూ ఒకటే అనుకుంటాం. లేబుల్ మీద ఛాతీ కొలత వేరుగా ఉందేమో చూసుకుంటే ఈ తికమక ఉండదు. ఈ వ్యాసంలో 40 అన్న ప్రతిచోటా ఛాతీ అంగుళాలే.

లూజు ఎందుకు?

చొక్కా గుడ్డ నేసినది. బనియను గుడ్డలా సాగదు. గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ ఒకటి రెండు అంగుళాలు పెరుగుతుంది. చేతులు ముందుకు చాచి బైక్ హ్యాండిల్ పట్టుకుంటే రెండు చంకల మధ్య వీపు ఇంకో రెండు అంగుళాల గుడ్డ అడుగుతుంది. కాబట్టి నేత చొక్కాలో ఎంత తగ్గించినా ఛాతీ దగ్గర మూడు అంగుళాల లూజు ఉండాల్సిందే. స్లిమ్ చొక్కా సరిగ్గా ఆ అంచున ఆగుతుంది. రెగ్యులర్‌లో ఆరు, రిలాక్స్‌డ్‌లో తొమ్మిది. గుడ్డలో రెండు మూడు శాతం లైక్రా కలిపిన చొక్కాలుంటాయి. అవి కాస్త సాగుతాయి కనుక స్లిమ్‌ను ఇంకొంచెం బిగించే ధైర్యం కంపెనీకి వస్తుంది.

స్లిమ్ అంచున ఆగుతుంది అన్నానే, దాని ఫలితం మొదటి ఉతుకులో తెలుస్తుంది. ముందే కుంచింపజేయని నూలు గుడ్డ రెండు మూడు శాతం లోపలికి పోవడం మామూలు విషయం. 43 అంగుళాల్లో మూడు శాతమంటే సుమారు అంగుళంపావు. మూడు అంగుళాల లూజులో మిగిలేది అంగుళంముప్పావు. దుకాణంలో హాయిగా పట్టిన చొక్కా ఇంట్లో గుండెల మీద బిగుస్తుంది. రిలాక్స్‌డ్ చొక్కాలో కూడా దాదాపు అంతే గుడ్డ పోతుంది, కానీ తొమ్మిదిలో అది పోయినా మనకు తెలియదు.

తేడా ఛాతీలో కన్నా నడుములో ఎక్కువ

ఛాతీ దగ్గర స్లిమ్‌కూ రెగ్యులర్‌కూ తేడా మూడు అంగుళాలే. టేపును చంక నుంచి ఏడెనిమిది అంగుళాలు కిందికి దింపి నడుము దగ్గర పెడితే అసలు సంగతి బయటపడుతుంది. స్లిమ్ 40 అక్కడ సుమారు 40 అంగుళాలు ఉంటుంది. రెగ్యులర్ 44, రిలాక్స్‌డ్ 48 పైచిలుకు. అంటే స్లిమ్ చొక్కా ఛాతీ నుంచి నడుముకు వచ్చేసరికి మూడు అంగుళాలు సన్నబడింది, రెగ్యులర్ రెండు, రిలాక్స్‌డ్ దాదాపు నిటారుగా దిగింది.

ఈ సన్నబాటు ఎలా వస్తుందో చొక్కా తిప్పి చూస్తే తెలుస్తుంది. స్లిమ్‌లో పక్క కుట్టు నిలువుగా ఉండదు, నడుము దగ్గర లోపలికి వంగి మళ్లీ బయటికి వస్తుంది. చాలావాటికి వీపు మీద, వెన్నుకు అటొకటి ఇటొకటి, నిలువుగా సన్నని కుట్లుంటాయి. టైలర్లు వాటిని డార్ట్‌లంటారు. డార్ట్ మధ్యలో వెడల్పు, పైనా కిందా మొన. వీపు కింది భాగంలో ఉండే గుంతలో గుడ్డ పోగుపడకుండా అది లాగేస్తుంది. రెగ్యులర్‌లో డార్ట్‌లకు బదులు, భుజాల కింద వీపు మీద అడ్డంగా వచ్చే యోక్ కుట్టు దగ్గర ఒక పెద్ద మడత గానీ, రెండు పక్కలా చిన్న మడతలు గానీ కనిపిస్తాయి. అవి ప్లీట్లు. డార్ట్ గుడ్డను తీసేస్తుంది, ప్లీట్ గుడ్డను దాచి ఉంచుతుంది. చేతులు ముందుకు చాచినప్పుడు ప్లీట్ విచ్చుకుని దాచిన గుడ్డను ఇస్తుంది. స్లిమ్‌లో ఆ నిల్వ లేదు. అందుకే రోజూ బైక్ నడిపేవాళ్ల స్లిమ్ చొక్కాలు ముందుగా చినిగేది వీపు వైపు చంక కుట్టు దగ్గర.

చంక, భుజం: టేపు చూడని చోటు

ఛాతీ, నడుము కొలిచాక మూడో తేడా చంకలో ఉంది. చెయ్యి అతికే ఆ గుండ్రని కుట్టు స్లిమ్‌లో చిన్నది, చంకకు దగ్గరగా పైకి ఉంటుంది. రెగ్యులర్‌లో కాస్త కిందికి, రిలాక్స్‌డ్‌లో ఇంకా కిందికి దిగుతుంది. చుట్టుకొలతల్లో చూస్తే సుమారు 19, 21, 23 అంగుళాలు. దానికి తగ్గట్టు దండ దగ్గర చెయ్యి వెడల్పు కూడా మారుతుంది.

చంక ఎంత లోతుగా ఉంటే చెయ్యి అంత స్వేచ్ఛగా కదులుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది తరచూ దానికి ఎదురు. బస్సులో పైన ఉన్న రాడ్ పట్టుకోవడానికి చెయ్యెత్తినప్పుడు, చంక కింది గుడ్డ చేతితోపాటు పైకి లేవాలి. చంక కుట్టు ఎంత కిందికి ఉంటే, అక్కడి నుంచి అంచు దాకా పక్క కుట్టు అంత పొట్టి. చెయ్యి లేచిందంటే ఆ పొట్టి కుట్టు మొత్తం చొక్కానే పైకి లాగుతుంది. ఇన్‌షర్ట్ చేసుకున్న చొక్కా బెల్టు లోంచి బయటికి వచ్చేది ఇందుకే. చంక దగ్గరగా ఉన్న చొక్కాలో చెయ్యి మాత్రమే లేస్తుంది, నడుము దగ్గర గుడ్డ పెద్దగా కదలదు. అయితే చంక బాగా పైకి ఉండి దండ దగ్గర చెయ్యి కూడా బిగుతైతే, గుడ్డ చంకను కోస్తుంది, చెమట మరక త్వరగా పడుతుంది.

రిలాక్స్‌డ్ చొక్కా కుట్టేవాళ్లకు ఈ చిక్కు తెలుసు. అందుకే చెయ్యి పైభాగాన్ని గుమ్మటంలా ఎత్తుగా కాకుండా, చదునుగా కత్తిరిస్తారు. అలా చేస్తే చెయ్యెత్తినప్పుడు లాగదు, దించినప్పుడు చంక కింద నాలుగు మడతలు పడతాయి. పైగా అది ఇన్‌షర్ట్ చేసే చొక్కా కాదు కనుక అంచు రెండంగుళాలు లేచినా ఇబ్బంది లేదు. పొడవు కూడా అందుకు తగ్గట్టే తక్కువగా, అంచు దాదాపు తిన్నగా ఉంటుంది. ఇన్‌షర్ట్ కోసం చేసిన రెగ్యులర్ ముందూ వెనకా తోకలా దిగి, పొడవు 30 అంగుళాల దాకా ఉంటుంది.

భుజం సంగతి ఇంకా సూటిగా కనిపిస్తుంది. ఈ చివరి కుట్టు నుంచి ఆ చివరి కుట్టుకు స్లిమ్ 40లో 17న్నర అంగుళాలుంటే రెగ్యులర్‌లో 18, రిలాక్స్‌డ్‌లో 19న్నర. మొదటి రెండింటిలో కుట్టు భుజం ఎముక చివర ఆగాలి. మూడోదానిలో అది కావాలనే దండ మీదికి జారుతుంది. జారినంత మేర చెయ్యి పొడవు తగ్గిస్తారు కనుక కఫ్ మణికట్టు దగ్గరే ఆగుతుంది.

ఈ మాట ఎందుకు ముఖ్యమంటే, వదులు చొక్కా కావాలని 40 వేసుకునే కుర్రవాడు 44 రెగ్యులర్ కొనడం చూస్తుంటాం. ఛాతీ దగ్గర వదులు వస్తుంది, నిజమే. కానీ కంపెనీ ఆ 44ను 44 ఛాతీ మనిషికి కుట్టింది. కాలర్ మెడ చుట్టూ వేలాడుతుంది, కఫ్ బొటనవేలి దాకా వస్తుంది, పొడవు తొడ మీదికి దిగుతుంది. 40 రిలాక్స్‌డ్‌లో వదులు పెరిగింది ఒంటి దగ్గరే. కాలర్, చేతి పొడవు 40 మనిషివే.

ఒక మనిషి, నాలుగు చొక్కాలు

ఇప్పుడు మన ఊళ్లలో బాగా కనిపించే ఒక కొలత తీసుకుందాం. నలభై దాటిన మనిషి. ఛాతీ 40. బొడ్డు మీదుగా పొట్ట 39, కుర్చీలో కూర్చుంటే 41. భుజాలు 18కి కొంచెం తక్కువ. పదేళ్లుగా 40 స్లిమ్ వేస్తున్నాడు, ఈమధ్య బిగుతవుతోంది.

40 స్లిమ్ వేసుకుని నిలబడ్డాడు. ఛాతీ దగ్గర మూడంగుళాల లూజు, బాగానే ఉంది. పొట్ట దగ్గర చొక్కా 40, మనిషి 39. ఒక్క అంగుళం. కూర్చోగానే 41 అయింది, చొక్కా 40 దగ్గరే ఉంది. కింది నుంచి మూడో గుండీ చుట్టూ అడ్డంగా గీతలు పడ్డాయి, రెండు గుండీల మధ్య గుడ్డ నోరు తెరిచి బనియను కనిపించింది.

ఇక్కడే పొరపాటు జరుగుతుంది. "నంబరు పెరిగింది" అనుకుని 42 స్లిమ్ తెమ్మంటాడు. ఒక నంబరు పైకి వెళ్తే చొక్కా అన్ని చోట్లా పెరుగుతుంది: చుట్టుకొలత రెండంగుళాలు, భుజం అర అంగుళం, కాలర్ అర అంగుళం, చేతి పొడవూ కొంత. 42 స్లిమ్ పొట్ట దగ్గర 42. కూర్చుంటే మిగిలే లూజు ఒక్క అంగుళం. అది పట్టీపట్టనట్టే. కానీ కాలర్ గుండీ పెట్టి టై కడితే మెడ దగ్గర ముడతలు పడ్డాయి.

ఇప్పుడు 40 రెగ్యులర్ వేయండి. భుజం 18, సరిగ్గా ఎముక చివర ఆగింది. కాలర్ పాతదే. పొట్ట దగ్గర 44, అంటే కూర్చున్నా మూడు అంగుళాల లూజు. నంబరు పెంచిన 42 స్లిమ్ కన్నా, నంబరు మార్చని 40 రెగ్యులర్ నడుము దగ్గర రెండంగుళాలు పెద్దదన్న మాట. ఈ మనిషికి పెరిగింది పొట్ట మాత్రమే. ఛాతీ, భుజం, మెడ పెరగలేదు. మార్చాల్సింది ఫిట్‌ను, నంబరును కాదు.

40 రిలాక్స్‌డ్ కూడా వేసి చూశాడనుకోండి. పొట్టకు ఏడెనిమిది అంగుళాల వెసులుబాటు. మే నెల ఎండలో గాలి ఆడే చొక్కా ఇదే, ఒంటికీ గుడ్డకూ మధ్య ఖాళీ ఉంటే చెమట ఆరుతుంది. బయటికి వదిలేసి తిరిగే ఆదివారానికి బాగుంటుంది. ఆఫీసుకు ఇన్‌షర్ట్ చేస్తే మాత్రం ఆ అదనమంతా బెల్టు పైన చుట్టూ ఉబ్బుతుంది.

ఇదే లెక్క సన్నవాళ్లకు తిరగబడుతుంది. ఛాతీ 40, నడుము 33 ఉన్న కుర్రవాడికి రెగ్యులర్‌లో నడుము దగ్గర 11 అంగుళాలు మిగిలిపోతాయి. అతను 38 రెగ్యులర్‌కు దిగితే భుజాలు పట్టేస్తాయి. 40 స్లిమ్‌లో ఏడు అంగుళాలు మిగిలినా, భుజం సరిపోతుంది, వీపు గుంతలో గుడ్డ కూడా తక్కువ పోగుపడుతుంది.

టైలర్ ఏం సరిచేయగలడు?

కొన్నాక సరిచేయించుకోవచ్చులే అనుకుంటే, ఏది సాధ్యమో తెలిసి ఉండాలి. పెద్దదాన్ని తగ్గించవచ్చు, చిన్నదాన్ని పెంచలేం. రెడీమేడ్ చొక్కాల పక్క కుట్లలో లోపల వదిలే గుడ్డ చాలా తక్కువ, అదీ మడిచి రెండు వరసలు కుట్టేసి ఉంటుంది. విప్పితే వచ్చేదేమీ ఉండదు. అందుకే బిగుతైన స్లిమ్‌ను రెగ్యులర్ చేయడం కుదరదు.

రెగ్యులర్‌ను సన్నం చేయడం మాత్రం తేలిక. పక్క కుట్టును ఒక్కోవైపు అర అంగుళం లోపలికి వేస్తే, ముందు గుడ్డలో అర, వెనక గుడ్డలో అర పోతాయి. రెండు పక్కలా కలిపి చుట్టుకొలతలో రెండంగుళాలు తగ్గుతాయి. వీపు మీద అర అంగుళం లోతు డార్ట్‌లు రెండు వేస్తే ఇంకో రెండు తగ్గుతాయి. 44 నడుము 40కి వస్తుంది. పైన కుర్రవాడికి నచ్చిన గుడ్డ రెగ్యులర్‌లోనే దొరికితే ఈ దారి ఉంది. కానీ చంక, భుజం జోలికి పోతే చెయ్యి విప్పి మళ్లీ అతకాలి. దానికయ్యే కూలీ, శ్రమ మామూలు చొక్కాకు గిట్టదు. కాబట్టి దుకాణంలో మొదట చూడాల్సింది భుజం, తర్వాత ఛాతీ, ఆఖరున నడుము.

ట్రయల్ రూమ్‌లో

అద్దం ముందు నిటారుగా, పొట్ట లోపలికి పట్టి నిలబడితే మూడు ఫిట్లూ బాగానే కనిపిస్తాయి. నాలుగు పనులు చేయండి. గుండీలన్నీ పెట్టుకుని కూర్చోండి, గుండీల మధ్య సందు తెరుచుకుంటే నడుము చాలలేదు. బైక్ హ్యాండిల్ పట్టినట్టు చేతులు ముందుకు చాచండి, వీపు మీద చంక నుంచి చంకకు గుడ్డ బిగిస్తే వీపు చాలలేదు. ఇన్‌షర్ట్ చేసి ఒక చెయ్యి పైకెత్తండి, చొక్కా బయటికి వస్తే చంక లోతు ఎక్కువ లేదా పొడవు తక్కువ. చివరగా పక్కకు తిరిగి నడుము దగ్గర గుడ్డను వేళ్లతో పట్టి చూడండి. ఒక్కో పక్క అంగుళంన్నర మడత దొరికితే చాలు. గుప్పెడు వస్తే ఆ ఫిట్ మీకు ఎక్కువ.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు ట్రయల్ రూమ్ లేదు. అక్కడ కొలతల పట్టికలు రెండు రకాలుగా ఇస్తారు. ఒకటి ఒంటి కొలతలు, రెండోది చొక్కా కొలతలు. మొదటిదానిలో మూడు ఫిట్లకూ ఛాతీ 40 అనే ఉంటుంది, దానివల్ల మనకు తెలిసేది ఏమీ లేదు. చూడాల్సింది రెండోది. అందులో ఛాతీ, నడుము, భుజం, పొడవు ఉంటే ఫిట్ పేరు చదవనవసరమే లేదు. ఎందుకంటే ఆ పేర్లకు ఏ ప్రమాణమూ లేదు. ఒక కంపెనీ స్లిమ్ ఇంకో కంపెనీ రెగ్యులర్‌తో సమానం కావచ్చు. భారతీయుల ఒంటి కొలతలతో సొంత సైజు పట్టిక తయారుచేయడానికి జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ సర్వే చేపట్టింది. అలాంటి పట్టిక వచ్చినా అది ఒంటి కొలతలను ఒక దారిలో పెడుతుందే తప్ప, లూజు ఎంత ఇవ్వాలన్నది కంపెనీ ఇష్టంగానే మిగులుతుంది.

దీనికి మన టైలర్లు ఎప్పటి నుంచో వాడుతున్న ఉపాయమే మేలు. కొత్త చొక్కా కుట్టమంటే వాళ్లు ముందు అడిగేది ఆది చొక్కా. మీ బీరువాలో ఒంటికి సరిగ్గా కుదిరిన చొక్కా ఒకటి తీసి, పరిచి, ఛాతీ, నడుము, భుజం, పొడవు కొలిచి ఆ నాలుగు అంకెలూ ఫోన్‌లో రాసి పెట్టుకోండి. ఈసారి చొక్కా కొనేటప్పుడు లేబుల్ మీది 40ని కాదు, ఆ నాలుగింటినీ సరిచూసుకోండి.